స్టెరాయిడ్ వాడుతున్న అమ్మకు నడుం నొప్పి: డెక్సా రిపోర్టులో 'ఆస్టియోపీనియా' అని ఉంటే సరిపోతుందా?

*"మా అమ్మకి 59 ఏళ్ళు. ఒంగోలు నుంచి వచ్చి బెంగళూరులో మా దగ్గరే ఉంటోంది. పావురాల వల్ల వచ్చిన ఊపిరితిత్తుల జబ్బు అని చెప్పి ఆరు నెలలుగా డెఫ్లాజాకార్ట్ ఇస్తున్నారు. మొదట ఆరు వారాలు రోజుకు 36 మి.గ్రా., తర్వాత నాలుగు వారాలు 24, ఎనిమిది వారాలు 18, ఇప్పుడు ఎనిమిది వారాలుగా 12. నెల రోజుల నుంచి నడుం పైభాగాన నొప్పి అంటోంది. డెక్సా తీయిస్తే టి-స్కోర్లు ఎల్1 -0.4, ఎల్2 -2.3, ఎల్3 -2.4, ఎల్4 -2.2, మొత్తం -1.9 అని వచ్చాయి. 'ఆస్టియోపీనియానే, కాల్షియం వేసుకుంటే చాలు' అన్నారు. స్టెరాయిడ్ ఆపేయమంటారా? ఎముకలకు వేరే మందు నిజంగా కావాలా?"*

స్టెరాయిడ్‌ను మీ అంతట మీరు ఆపకండి. ఆరు నెలలు బయటి నుంచి స్టెరాయిడ్ అందేసరికి అమ్మగారి అడ్రినల్ గ్రంథులు ఆ హార్మోన్‌ను సొంతంగా తయారు చేయడం బాగా తగ్గించేసి ఉంటాయి. ఉన్నట్టుండి ఆపితే బీపీ పడిపోయి, వాంతులు, నీరసంతో ప్రాణం మీదకు రావచ్చు. ఊపిరితిత్తుల జబ్బు తిరగబెట్టే ప్రమాదం దానికి అదనం. ఎంత తగ్గించాలి, ఎప్పుడు తగ్గించాలి అన్నది ఛాతీ డాక్టరుగారే చెప్పాలి. రెండో ప్రశ్నకు నా జవాబు: అవును, మందు కావాలి. కాల్షియం ఒక్కటీ చాలదు. బెంగళూరులో ఎముకలు, హార్మోన్ల జబ్బులు చూసే డాక్టరుగా ఇలాంటి రిపోర్టులు నా దగ్గరికి తరచుగా వస్తుంటాయి. మీ రిపోర్టులో నన్ను ఆపింది మొత్తం కింద ఉన్న -1.9 కాదు, ఎల్1 పక్కనున్న -0.4.

ఎముక సాంద్రత కొలిచే డెక్సా చూసిన ఈ నాలుగు నడుము పూసలు, ఎల్1 నుంచి ఎల్4 దాకా, ఒకే మనిషివి, ఒకే మందు తింటున్నవి. టి-స్కోర్ అంటే ఆరోగ్యంగా ఉన్న యువతి ఎముకతో పోల్చి చెప్పే అంకె: -1 నుంచి -2.5 మధ్యలో ఉంటే ఎముక కాస్త పలచబడిన ఆస్టియోపీనియా, -2.5, ఆ కిందకు పోతే ఆస్టియోపొరోసిస్. వాటి టి-స్కోర్లు కాస్త అటూఇటూగా ఒకేచోట ఉండాలి. ఎల్2, ఎల్3, ఎల్4 మూడూ -2.2 నుంచి -2.4 మధ్యలో ఉంటే, ఎల్1 ఒక్కటే అంత బలంగా ఉండటానికి కారణం వెతకాలి. పక్క పూసతో తేడా ఒక పాయింటు దాటితే ఆ పూసను లెక్కలోంచి తీసేసి చూడటం డెక్సా చదివేవాళ్ళ పద్ధతి. ఇక్కడ తేడా దాదాపు రెండు పాయింట్లు. అరుగుదల వల్ల పెరిగిన ఎముక ముక్కలు కూడా స్కోరును ఇలా పెంచగలవు. అయితే స్టెరాయిడ్ మీదున్న మనిషికి కొత్తగా నడుం పైభాగాన నొప్పి వచ్చిందంటే నేను ముందు అనుమానించేది ఎల్1 నలిగిందని. దూదిమూటను అదిమితే దూది పెరగదు, చోటు తగ్గి దట్టంగా కనిపిస్తుంది. నలిగిన పూస కూడా అంతే: ఉన్న ఖనిజమంతా తక్కువ వైశాల్యంలో ఇమిడిపోయి, యంత్రం దాన్ని గట్టి ఎముకగా చదువుతుంది. విరిగిన పూసే మొత్తం సగటును పైకి లాగిందన్నమాట. ఎల్1 తీసేస్తే మిగతా మూడింటి సగటు -2.3 దగ్గర ఉంటుంది.

కాబట్టి ఈ వారంలోనే వెన్నుకు పక్క నుంచి ఎక్స్-రే తీయించండి. ఛాతీ వెనక భాగం, నడుము రెండూ రావాలి. కొన్ని డెక్సా యంత్రాల్లో పడుకోబెట్టి పక్క నుంచి వెన్నుపూసలు చూసే సదుపాయం ఉంటుంది, దాన్ని వి.ఎఫ్.ఎ. అంటారు. అదైనా సరే. పూస ఎత్తు నాలుగో వంతు కంటే తక్కువగా తగ్గితే స్వల్పం, నాలుగో వంతు నుంచి 40 శాతం దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం అని రేడియాలజిస్టు రాస్తారు. ఎదురుగా తీసిన ఎక్స్-రేతో తృప్తి పడకండి, అందులో ఈ నలుగుడు తేలిగ్గా తప్పిపోతుంది. ఇంకో విషయం, వెన్నుపూస విరగడం అంటే కింద పడటం, అరవడం, ఆంబులెన్సు అని అందరూ ఊహించుకుంటారు. ఎక్కువ మందిలో అదేమీ ఉండదు. బకెట్ ఎత్తినప్పుడో, మంచం మీద నుంచి లేచినప్పుడో చిన్నగా పట్టేసినట్టు ఉంటుంది, నడుం నొప్పి అనుకుని వదిలేస్తారు. కొందరికి ఆ నొప్పి కూడా ఉండదు, ఎత్తు తగ్గడమే గుర్తు. అమ్మగారిని చెప్పుల్లేకుండా గోడకు ఆనించి ఎత్తు కొలవండి. వయసులో ఉన్నప్పటి ఎత్తు కంటే 4 సెం.మీ. తగ్గితే అది వయసు వల్లేనని కొట్టిపారేయకూడదు.

ఎక్స్-రేలో నలిగిన పూస కనబడినా వెంటనే స్టెరాయిడ్ మీదకే నెట్టేయను. స్టెరాయిడ్ వల్ల రోగనిరోధక శక్తి తగ్గుతుంది, మన దేశంలో వెన్ను టీబీ అరుదైన జబ్బు కాదు. జ్వరం, రాత్రిళ్ళు పెరిగే నొప్పి, బరువు తగ్గడం, పక్కపక్కనున్న రెండు పూసలు మధ్య డిస్కుతో సహా దెబ్బతినడం కనిపిస్తే ఎం.ఆర్.ఐ. తప్పదు. ఎముక మజ్జలో వచ్చే మైలోమాను తోసిపుచ్చడానికి రక్తంలో ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ ఒకసారి చేయిస్తాను. దాంతోపాటు కాల్షియం, క్రియాటినిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, విటమిన్ డి, పి.టి.హెచ్., టి.ఎస్.హెచ్. అన్నీ కలిపి ఒకే రక్తం తీతలో అయిపోతాయి. కాళ్ళలో తిమ్మిరి, బలహీనత, మూత్రం మీద పట్టు తప్పడం ఉంటే మాత్రం ఈ వరసంతా పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇప్పుడు మోతాదు లెక్క. డెఫ్లాజాకార్ట్ పేరు వేరు కాబట్టి చాలామంది ఇది 'తేలికపాటి' స్టెరాయిడ్ అనుకుంటారు. దీనివల్ల ఎముకకు నష్టం తక్కువ అన్న ప్రచారమూ ఉంది. ఆ భరోసాతో నేను ఎముకల మందు మానిపించను. ఏ స్టెరాయిడ్‌నైనా ముందు ప్రెడ్నిసొలోన్‌లోకి మార్చి చూడాలి: డెఫ్లాజాకార్ట్ 6, మిథైల్ ప్రెడ్నిసొలోన్ 4, డెక్సామెథసోన్ 0.75 మి.గ్రా., ఇవన్నీ ప్రెడ్నిసొలోన్ 5 మి.గ్రా.కు సమానం. ఆ లెక్కన అమ్మగారి 36 అంటే 30, 24 అంటే 20, 18 అంటే 15, 12 అంటే 10.

రోజులతో గుణించండి. 30 చొప్పున 42 రోజులు 1,260 మి.గ్రా., 20 చొప్పున 28 రోజులు 560, 15 చొప్పున 56 రోజులు 840, 10 చొప్పున 56 రోజులు మళ్ళీ 560. మొత్తం 3,220 మి.గ్రా., అంటే 3.2 గ్రాములు. ఇదే 10 మి.గ్రా. ఇంకో ఆరు నెలలు సాగితే మరో 1,820 చేరి ఏడాదికి 5 గ్రాములు దాటుతుంది.

ఈ అంకెలకు అర్థం ఏమిటంటే: ప్రెడ్నిసొలోన్ రోజుకు 2.5 మి.గ్రా. లేదా అంతకు మించి, మూడు నెలలు లేదా ఆపైన వాడేవారందరికీ ఎముకల పరీక్ష జరగాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2022 మార్గదర్శకాలు చెబుతాయి. అది మందు మొదలైన ఆరు నెలల లోపే జరగాలి. అక్కడి నుంచి మోతాదు పెరిగే కొద్దీ ప్రమాదం పెరుగుతుంది. 2000లో వచ్చిన బ్రిటన్ అధ్యయనంలో, స్టెరాయిడ్ వాడని వారితో పోలిస్తే 2.5 నుంచి 7.5 మి.గ్రా. మధ్య వాడిన వారిలో వెన్నుపూసలు విరగడం రెండున్నర రెట్లు, 7.5, ఆపైన వాడిన వారిలో అయిదు రెట్లు కనిపించింది. తుంటి ఎముక అంతగా దెబ్బతినదు, స్టెరాయిడ్ ముందు తినేది వెన్నుపూసల లోపలి జల్లెడ లాంటి మెత్తటి ఎముకనే. ఇక 30 మి.గ్రా. లేదా ఎక్కువ మోతాదులో 30 రోజులు దాటినా, ఏడాదిలో మొత్తం 5 గ్రాములు చేరినా, టి-స్కోర్ ఎంతైనా సరే, ఆ మనిషి 'అతి ఎక్కువ ప్రమాదం' గుంపులోకి వెళ్ళిపోతారు. అమ్మగారు 42 రోజులు 30 మీద ఉన్నారు. అంటే డెక్సా తీయకముందే, మొదటి ఆరు వారాల్లోనే ఆమె ఏ గుంపో తేలిపోయింది. ఎముకల మందు అప్పుడే మొదలుకావాల్సింది.

ఈ లెక్కలో ఇంట్లో వాళ్ళు మర్చిపోయేవి కొన్ని ఉంటాయి. ఊరెళ్ళినప్పుడు మోకాళ్ళ నొప్పికని ఆర్.ఎం.పి. దగ్గర వేయించుకున్న ఇంజెక్షన్, పొట్లాల్లో ఇచ్చిన పేరులేని మాత్రలు అడిగితేగానీ బయటికి రావు. డెక్సామెథసోన్ 4 మి.గ్రా. ఇంజెక్షన్ ఒక్కటే ప్రెడ్నిసొలోన్ 26 మి.గ్రా.కు పైనే. 'ఒకే నొప్పి మందు, గంటలో హాయిగా ఉంది' అని అమ్మగారు మెచ్చుకున్నది ఏదైనా ఉంటే దాని సంగతి కనుక్కోండి. రోజు మార్చి రోజు వేసుకుంటే ఎముకకు మేలు అన్న నమ్మకం కూడా ఉంది. అడ్రినల్ గ్రంథికి అందువల్ల కొంత ఉపశమనం ఉండొచ్చేమో కానీ ఎముకకు రక్షణ దొరకదు.

మరి స్కోరు -1.9 ఉండగా పూస ఎలా విరుగుతుందని మీరు అడగొచ్చు. డెక్సా కొలిచేది ఖనిజం ఎంత ఉందన్నదే. స్టెరాయిడ్ ఖనిజాన్ని తగ్గించడంతోపాటు ఎముక నాణ్యతను కూడా దెబ్బతీస్తుంది. ఎముక కట్టే కణాలను కొత్తవి పుట్టనివ్వదు, లోపల కాపలా ఉండే ఆస్టియోసైట్లను చంపుతుంది, మొదటి నెలల్లో ఎముకను తవ్వే కణాల ఆయుష్షు పెంచుతుంది. అందుకే నష్టం మొదటి ఏడాదిలోనే వేగంగా జరుగుతుంది, విరిగే ప్రమాదం మూడు నెలలు గడిచేసరికే పెరుగుతుంది. మామూలుగా మెనోపాజ్ తర్వాత వచ్చే ఆస్టియోపొరోసిస్‌లో విరగని స్కోరు దగ్గరే స్టెరాయిడ్ వాడేవారికి విరుగుతుంది. ఎముక విరిగే ప్రమాదాన్ని లెక్కించే ఫ్రాక్స్ అనే సాధనంలోనూ ఇదే చిక్కు: అందులో స్టెరాయిడ్‌కు అవును, కాదు అన్న ఒక్క గడే ఉంటుంది, మధ్యస్థ మోతాదు అనుకుని లెక్క వేస్తుంది. రోజుకు 7.5 మి.గ్రా. దాటితే పెద్ద ఎముకలు విరిగే ప్రమాదంగా వచ్చిన శాతాన్ని 1.15తో, తుంటి శాతాన్ని 1.2తో గుణించాలి. రిపోర్టులో ఆ గుణింపు చాలాసార్లు కనబడదు.

మందుల విషయానికి వద్దాం. ఎక్స్-రేలో ఎల్1 నలిగిందని తేలితే, ఖర్చు భరించగలిగితే నా మొదటి ఎంపిక టెరిపారటైడ్. రోజూ 20 మైక్రోగ్రాములు చర్మం కిందకు ఇన్సులిన్‌లా వేసుకునే పెన్ను, ఫ్రిజ్‌లో ఉంచాలి, గరిష్ఠంగా రెండేళ్ళు. ఇది ఎముక కట్టే కణాలను నేరుగా పని చేయిస్తుంది, స్టెరాయిడ్ దెబ్బ కొట్టింది సరిగ్గా అక్కడే. 2007లో ప్రచురించిన పోలిక పరీక్షలో, 18 నెలలకు వెన్నులో కొత్తగా విరిగినవారు అలెండ్రోనేట్ అనే మాత్ర వేసుకున్న గుంపులో 6.1 శాతం, టెరిపారటైడ్ గుంపులో 0.6 శాతం. ఖర్చు నెలకు వేలల్లో ఉంటుంది. ఎముకలకు ఎప్పుడైనా రేడియేషన్ ఇచ్చి ఉన్నా, రక్తంలో కాల్షియం ఎక్కువగా ఉన్నా ఇవ్వము. కోర్సు అయ్యాక వెంటనే వేరే మందుకు మారాలి, లేకపోతే వచ్చిన లాభం కరిగిపోతుంది.

పూసలు బాగానే ఉన్నాయని తేలి, స్టెరాయిడ్ తగ్గే దారిలోనే ఉంటే, నేను అలెండ్రోనేట్ వారానికి 70 మి.గ్రా. లేదా జొలెండ్రోనిక్ ఆసిడ్ 5 మి.గ్రా. ఏడాదికోసారి సెలైన్‌లో ఇస్తాను. మార్గదర్శకం ఈ గుంపుకు కూడా టెరిపారటైడ్ వైపే కొంచెం మొగ్గుతుంది. విరగని ఎముకకు అంత ఖర్చు, రోజూ సూది అవసరమా అన్నది కుటుంబంతో మాట్లాడి తేల్చుకోవలసిన సంగతి. అలెండ్రోనేట్ ఎలా వేసుకోవాలన్నదాంట్లోనే సగం మంది తడబడతారు. పొద్దున్నే పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్ళతో, ఆ తర్వాత అరగంట కూర్చునో నిలబడో ఉండాలి. పడుకోకూడదు, ఇంకేమీ తినకూడదు. ఫిల్టర్ కాఫీ ఆ అరగంట ఆగాలి, పాలు, కాల్షియం మాత్ర అసలు దాని దగ్గరికి రాకూడదు. కాఫీతో మింగితే మందు ఒంటికి పట్టదు. నీళ్ళు తక్కువ తాగి పడుకుంటే అన్నవాహిక పుండవుతుంది. అసిడిటీ ఎక్కువ ఉన్నవాళ్ళకు, మర్చిపోయేవాళ్ళకు జొలెండ్రోనిక్ ఆసిడ్ నయం. దానికి ముందు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ క్లియరెన్స్ 35 పైన ఉండాలి, విటమిన్ డి లోటు తీర్చి ఉండాలి. లేకపోతే కాల్షియం ఒక్కసారిగా పడిపోయి చేతులు కొంకర్లు పోతాయి. మొదటి డోసు తర్వాత ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్ళు నొప్పులు మామూలే, పారాసెటమాల్ చాలు. పళ్ళు పీకించుకోవలసినవి ఉంటే ముందే ఆ పని ముగించుకోండి.

డెనోసుమాబ్ గురించి ఒక్క హెచ్చరిక. ఆరు నెలలకో ఇంజెక్షన్ కాబట్టి సుఖంగా కనబడుతుంది, పనీ బాగానే చేస్తుంది. అయితే తర్వాతి డోసు ఆలస్యమైతే ఎముక వేగంగా కరిగి, ఒకేసారి రెండు మూడు పూసలు విరిగిన సందర్భాలున్నాయి. కొన్నాళ్ళు బెంగళూరులో, కొన్నాళ్ళు ఒంగోలులో ఉండే మనిషికి, తేదీ తప్పదని ఎవరో ఒకరు బాధ్యత తీసుకుంటేనే దాన్ని మొదలుపెడతాను.

కాల్షియం మందు కాదు, మందు పని చేయడానికి కావలసిన ముడిసరుకు. తిండి, మాత్ర కలిపి రోజుకు 1,000 నుంచి 1,200 మి.గ్రా. చాలు. వంద గ్రాముల రాగి పిండిలో సుమారు 350 మి.గ్రా., రెండు వందల మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగులో సుమారు 240 ఉంటుంది. మధ్యాహ్నం ఓ రాగి సంకటి, రెండు పూటలా పెరుగు, ఓ గ్లాసు పాలు తీసుకుంటే 500 మి.గ్రా. మాత్ర ఒక్కటి సరిపోతుంది. మాత్ర డబ్బా మీద 'ఎలిమెంటల్ కాల్షియం' ఎంతో చూడండి. కార్బొనేట్ 1,250 మి.గ్రా. అని రాసి ఉంటే అందులో అసలు కాల్షియం 500 మాత్రమే. కార్బొనేట్ అన్నంతో వేసుకోవాలి. విటమిన్ డి స్థాయి మిల్లీలీటరుకు 30 నుంచి 50 నానోగ్రాముల మధ్య ఉంచుతాం. వారానికి 60,000 యూనిట్ల పొట్లం ఎనిమిది వారాలు అని రాసిస్తే, అదే పొట్లం రెండేళ్ళపాటు వారం వారం వేసుకుంటూ కాల్షియం పెరిగిపోయి మా దగ్గరికి వచ్చేవాళ్ళూ ఉన్నారు. ఎనిమిది వారాలయ్యాక ఆపి, మళ్ళీ కొలిచి, అప్పుడు నిర్ణయించాలి.

ఇంట్లో చూసుకోవలసింది రెండు. పూస నలిగి ఉన్నా, ఆ అనుమానం ఉన్నా ముందుకు వంగి బరువెత్తడం వద్దు. పశ్చిమోత్తానాసనం, పాదాలు తాకే వంగుళ్ళు యోగా క్లాసులో మానిపించండి, వెన్ను నిటారుగా ఉంచే వ్యాయామాలు నొప్పి తగ్గాక ఫిజియోథెరపిస్టు నేర్పుతారు. రెండోది, స్టెరాయిడ్ తొడ కండరాలను కూడా బలహీనపరుస్తుంది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవలేకపోతుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి, బాత్‌రూమ్‌లో పట్టుకునే కమ్మీ ఆ రోజే వేయించండి.

పర్యవేక్షణ విషయంలో, ప్రతి విజిట్‌లో ఎత్తు కొలవమని అడగండి, ఖర్చు లేని పరీక్ష అదే. డెక్సా ఏడాది తర్వాత, వీలైతే అదే సెంటర్లో అదే యంత్రం మీద. రెండు స్కాన్ల మధ్య మూడు నాలుగు శాతం తేడా యంత్రం తప్పిదం లోపలే ఉండొచ్చు, దాన్ని చూసి సంబరపడటమో కంగారు పడటమో వద్దు. ఈసారి ఎల్1 వదిలేసి మిగతా పూసలతోనూ, తుంటితోనూ పోల్చమని రాయించుకోండి, మీరు రాసినదాంట్లో తుంటి స్కోరు లేదు. కొత్త నొప్పి వచ్చినా, ఎత్తు ఇంకో 2 సెం.మీ. తగ్గినా ఏడాది ఆగకుండా ఎక్స్-రే. గజ్జలో నొప్పి, కుంటడం మొదలైతే అది వేరే కథ. స్టెరాయిడ్ తుంటి బంతికి రక్త సరఫరా ఆపేసి ఉండొచ్చు, అది ఎక్స్-రేలో ఆలస్యంగా కనిపిస్తుంది కాబట్టి తుంటికి ఎం.ఆర్.ఐ. అడగండి.

ఛాతీ డాక్టరుగారిని అడగవలసింది ఒకటుంది: మైకోఫెనోలేట్ లాంటి మందు జోడించి స్టెరాయిడ్‌ను 5 మి.గ్రా. సమానానికి, అంటే డెఫ్లాజాకార్ట్ 6కు, ఆ కిందకు తేవడం కుదురుతుందా అని. ఆ అడుగు ముందుకు పడాలంటే మీ బాల్కనీలోకి పావురాలు రాకూడదు. వల వేయించకుండా, ఏసీ బయటి యూనిట్ వెనకున్న గూళ్ళు తీయించకుండా ఉంటే ఊపిరితిత్తులు వాస్తూనే ఉంటాయి, మోతాదు తగ్గదు. శుభ్రం చేసేటప్పుడు అమ్మగారు ఆ ఇంట్లో ఉండకూడదు, ఆ పని ఆమె అసలు చేయకూడదు.

స్టెరాయిడ్ పూర్తిగా ఆగాక విరిగే ప్రమాదం నెలల్లోనే తగ్గడం మొదలవుతుంది. అప్పుడు ఎక్స్-రే, డెక్సా రెండూ మళ్ళీ చూసి, పూసలు నిలకడగా ఉండి స్కోరు -2.5 కంటే మెరుగ్గా ఉంటే అలెండ్రోనేట్ ఆపొచ్చు. ఎల్1 నలిగి ఉన్నదే నిజమైతే, స్టెరాయిడ్ మానేశాక కూడా ఎముకల మందు కొనసాగుతుంది.